ఒక్క పేజీ చాలు, వరస సరిగ్గా ఉంటే

ఆదోని బస్టాండు దగ్గర జెరాక్స్ షాపులో కంప్యూటర్ ముందు ఒకతను కూర్చుని ఉంటాడు. రెజ్యూమే కావాలంటే చాలు, పాత ఫైలు ఒకటి తెరుస్తాడు. పేరు, నాన్న పేరు, పుట్టినతేదీ, మార్కులు అడుగుతాడు. ముందు వచ్చినోళ్ల పేరు తీసేసి మన పేరు కొడతాడు. పది నిమిషాల్లో రెండు పేజీలు చేతికొస్తాయి, ఇంకా వేడిగానే ఉంటాయి. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన పని ఆయన చేస్తున్నాడు. మనం చేయాల్సిన పని కూడా ఆయనకే అప్పజెప్పినాం, సమస్య అక్కడుంది.

నాకు ఇది అర్థమైంది ఎమ్మిగనూరు అన్న వల్ల. పేరు వద్దన్నాడు, కాబట్టి అన్న అనే రాస్తాను. ఫైనలియర్. ఇద్దరం ఒకే బస్సులో ఊర్లకు పోతాం, నేను ఆదోనిలో దిగితే తను ఎమ్మిగనూరుకు బస్సు మారతాడు. వాళ్ల నాన్న మగ్గం నేస్తాడు. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు కదా అది, ఆ వీధుల్లో ఇప్పటికీ మగ్గాల చప్పుడు వినిపిస్తుంది.

మొన్నీమధ్య ఒక కంపెనీ ఇంటర్వ్యూలో అన్న చేతిలో ఆ రెండు పేజీలే ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నాయన మొదటి పేజీ చూసినాడు. పైన ఆబ్జెక్టివ్. కింద చదువు గురించి గీతలు గీసిన పెద్ద టేబుల్. దాని కింద మేజర్ ప్రాజెక్టు: ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే సిస్టం. ఆయన దాన్నే పట్టుకున్నాడు. ఏ మోడల్ వాడినావు, ఎన్ని ఫోటోలతో ట్రైనింగ్ ఇచ్చినావు, వెలుతురు తగ్గితే ఏమవుతుంది అని అడిగినాడు. ఆ ప్రాజెక్టు నలుగురు కలిసి డబ్బులిచ్చి కొన్నది. అన్నకు నోరు పెగల్లేదు. ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయింది.

బస్సులో ఆ రెండు పేజీలు నాకిచ్చినాడు. రెండో పేజీ అడుగున, హాబీలకూ డిక్లరేషన్‌కూ మధ్య, ఒక్క లైన్లో ఇంకో ప్రాజెక్టు ఉంది: మార్కెట్ రేట్ల బాట్. ఇదేందన్నా అని అడిగితే ఆదోని వచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు. ఆదోని యార్డులో పత్తి, వేరుశనగ క్వింటాలుకు ఏ రేటు పలికిందో రోజూ తీసుకుని, సాయంత్రానికి టెలిగ్రామ్‌లో పంపించే ప్రోగ్రాం అది. మొత్తం తనే రాసినాడు. కోడ్‌లో ప్రతి లైనూ తనదే. దాని గురించి మాత్రం ఆ గదిలో ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లు రెండో పేజీ అడుగుదాకా వస్తే కదా.

నా అభిప్రాయం ఇదీ: రెజ్యూమే ఉద్యోగం ఇవ్వదు, మనల్ని అడగబోయే మొదటి ప్రశ్నను ఇస్తుంది. పేజీలో పైన ఏది ఉంటే ప్రశ్న దాని మీదే వస్తుంది. అందుకే సెక్షన్ల వరసను ఫార్మాటింగ్ అనుకోకూడదు. అది మనం తీసుకోవాల్సిన నిర్ణయం. దాన్ని జెరాక్స్ షాపుకు వదిలేస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నను కూడా ఆ షాపుకు వదిలేసినట్టే.

ఇది కొత్త సంగతి కాదు. 1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్సీ మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జాకు పని ఇమ్మని ఉత్తరం రాసినాడు. తనకు వచ్చిన పనులన్నీ వరసగా రాసినాడు. ముందు యుద్ధానికి పనికొచ్చే వంతెనలు, ఫిరంగులు, కోటలు పగలగొట్టే ఉపాయాలు. ఈరోజు మనకు ఆయన తెలిసిందే బొమ్మల వల్ల. ఆ బొమ్మలు వేసే సంగతి మాత్రం చివర్లో పెట్టినాడు. చదివేవాడికి అప్పుడు కావాల్సింది యుద్ధాల మనిషి. తను దేంట్లో గొప్పో దాన్ని బట్టి కాకుండా, చదివేవాడి అవసరాన్ని బట్టి వరస పెట్టినాడన్నమాట.

సరే, మన ఎమ్మిగనూరు అన్న రెజ్యూమేకు వద్దాం. ఆదివారం వాళ్లింట్లో మగ్గం గుంట పక్కన లాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. మొదట చేసింది రాయడం కాదు, కొట్టేయడం.

ఆ రెండు పేజీల్లో నాన్న పేరు, నాన్న వృత్తి, మతం, కులం, పెళ్లయిందా లేదా, డోర్ నంబరుతో సహా పూర్తి అడ్రసు, ఫోటో ఉన్నాయి. కాసేపు చూస్తే ఇది ఉద్యోగానికి రాసింది కాదని తెలిసిపోతుంది. పెళ్లి సంబంధాలకు పంపే బయోడేటాకూ పాత కాలం అప్లికేషన్ ఫారానికీ పుట్టిన బిడ్డ ఇది. ప్రభుత్వ ఉద్యోగానికి ఇందులో కొన్ని వివరాలు కావాలి. కానీ వాళ్ల ఫారంలో వాళ్లే గడులు పెట్టి అడుగుతారు. కంపెనీకి ఇచ్చే రెజ్యూమేలో వీటితో పనిలేదు. పేరు, ఫోన్, ఈమెయిల్, ఊరు, కోడ్ పెట్టిన పేజీ లింకు. అంతే. ఇంకో సంగతి, ఈ వివరాలన్నీ ఆ షాపు కంప్యూటర్లో ఉండిపోతాయి. తర్వాత వచ్చేవాడికి తెరిచేది మన ఫైలే.

ఆబ్జెక్టివ్ తీసేసినాం. సవాళ్లతో కూడిన సంస్థలో పనిచేసి నా నైపుణ్యాలు పెంచుకోవాలి అనే ఆ వాక్యం మా క్లాసులో అందరి రెజ్యూమేల్లోనూ ఉంది. అందరికీ ఒకటే అయినప్పుడు అది ఎవరి గురించీ ఏమీ చెప్పదు. డిక్లరేషన్ తీసేసినాం. పైన రాసినవన్నీ నిజమని సంతకం పెట్టినంత మాత్రాన కొన్న ప్రాజెక్టు మనదైపోదు. హాబీల్లో పాటలు వినడం ఉంది, అదీ తీసేసినాం.

ఆ కొన్న ప్రాజెక్టు దగ్గర మాత్రం అన్న ఆగినాడు. "అది పోతే ఇంకేం మిగులుతుందప్పా? మేజర్ ప్రాజెక్టు కదా" అన్నాడు. నేను ఒకటే అడిగినాను. దాంట్లో నువ్వు చేసిన పని ఏదైనా ఉందా అని. కొంచెం ఆలోచించి, "ఫోటోలు తీసింది నేనే. తెలిసినోళ్ల ముఖాలు, ఒక్కొక్కరివి రకరకాల వెలుతుర్లో. చీకటి గదిలో తీసినవి అది గుర్తుపట్టలేదు" అన్నాడు. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నకు జవాబు అదే కదా! భయంలో తనకు గుర్తుకే రాలేదు. కాబట్టి ఆ ప్రాజెక్టును పూర్తిగా తీసేయలేదు. ప్రాజెక్టుల్లో చివరికి దింపినాం. సిస్టం తయారుచేసినాను అనే మాట కొట్టేసి, నలుగురి జట్టులో ఫోటోలు సేకరించి వెలుతురు మారినప్పుడు పరీక్షించినాను అని మాత్రం రాసినాం. చిన్న మాటే, కానీ నిజం. దాని మీద ఎన్ని ప్రశ్నలు వచ్చినా జవాబుంది.

కొట్టేసినాక చూస్తే రెండు పేజీల్లో మిగిలింది అర పేజీ కూడా లేదు. ఇక్కడే మనోళ్లు భయపడతారు. ఖాళీగా కనిపిస్తుందేమో అని మళ్లీ ఆబ్జెక్టివ్ తెచ్చి పెడతారు. కానీ మిగిలింది తక్కువ ఎందుకంటే, రాయాల్సినవి ఇంకా రాయలేదు.

అన్న ఇంటర్ అయినప్పటి నుంచి వేసవి సెలవుల్లో ఆదోనిలో ఒక కమీషన్ మండీలో లెక్కలు రాస్తాడు. ఏ రైతు ఎన్ని బస్తాలు తెచ్చినాడు, తూకం ఎంత, రేటెంత, హమాలీ పోతే చేతికి ఎంత. మూడేళ్ల కిందట ఆ పుస్తకాన్ని ఎక్సెల్‌లోకి మార్చింది కూడా తనే. ఇది రెజ్యూమేలో ఎక్కడా లేదు. ఎందుకన్నా అంటే, "ఛ, మండీలో గుమాస్తా పని కూడా రాస్తారా, కంపెనీవాళ్లు నవ్వుతారు" అన్నాడు.

నేను ఒప్పుకోను. ఎయిర్ కండిషన్ ఆఫీసులో రెండు వారాలు కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకున్నోడు దాన్ని ఇంటర్న్‌షిప్ అని పెద్దక్షరాలతో రాసుకుంటాడు. ఎండాకాలం మొత్తం నిజమైన డబ్బుకు నిజమైన లెక్కలు రాసి, ఒక్క రూపాయి తేడా వచ్చినా సాయంత్రం దాకా కూర్చుని వెతికినోడు దాన్ని దాచిపెడతాడు. ఇది ఫార్మాట్ తప్పు కాదు, మన సిగ్గు. ఆ సిగ్గుకు కాగితం మీద చోటివ్వకూడదు. పని అనే సెక్షన్ పెట్టి నాలుగు లైన్లు రాసినాం. గొప్పగా ఏమీ రాయలేదు, చేసిందే రాసినాం.

అట్లే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. మన రాష్ట్రంలో రెండో ఏడాది తర్వాత వేసవిలో చేసేది. అందరూ రిపోర్టు ఇచ్చి మర్చిపోతారు. అన్న వాళ్ల వీధిలోనే నేత కుటుంబాల దగ్గరికి పోయి నెలకు ఎన్ని చీరలు దిగుతున్నాయి, నూలు ఎవరు ఇస్తున్నారు అని ప్రశ్నలు అడిగి, జవాబులన్నీ ఒక పట్టికలో పెట్టినాడు. ప్రశ్నలు తయారుచేయడం, తప్పు జవాబులు ఏరడం, లెక్క తీయడం. డేటా పని అంటే ఇదే కదా.

ఇప్పుడు వరస. చదివేవాడి మనసులో ప్రశ్నలు ఏ వరసలో వస్తాయో అదే మన వరస. ఈ మనిషి ఎవరు? పేరు, ఫోన్. మనకు సరిపోతాడా, ఏ బ్రాంచి, ఏ సంవత్సరం పాసవుతాడు? చదువు. ఏం చేసినాడు? ప్రాజెక్టులు, ఆ తర్వాత పని. ఏమేం వచ్చు? స్కిల్స్. ఇంకేమైనా ఉందా? కోర్సులు, బహుమతులు, భాషలు.

చదువును పైన పెట్టమంటున్నాను కానీ మూడు లైన్లలోనే. బీటెక్, ఇంటర్, పది, ఒక్కోదానికి ఒక్కో లైను. ఎడమ పక్క కాలేజీ పేరు, మార్కులు, కుడి చివర సంవత్సరం. కొత్తది పైన, పాతది కింద. ఫ్రెషర్‌కు చదువు పైన ఎందుకంటే, మనం ఎప్పుడు పాసవుతామో తెలియకుండా మిగతాది ఎవరూ చదవరు. క్యాంపస్ డ్రైవ్‌లో అయితే సీజీపీఏ, బ్యాక్‌లాగులు ముందే ఎక్సెల్ షీట్లో వడపోసేసి ఉంటారు. కాబట్టి ఆ విషయానికి అర పేజీ టేబుల్ దండగ. రెండు మూడేళ్లు ఉద్యోగం చేసినాక పని పైకి వస్తుంది, చదువు కిందికి పోతుంది.

స్కిల్స్‌ను ప్రాజెక్టుల కింద పెట్టడం నా ఇష్టం. పైన పెట్టుకున్నా తప్పు కాదు, మూడు లైన్లు దాటకపోతే. కానీ పైన పెడితే పైథాన్, జావా, సీ, క్లౌడ్ అని ఉన్నవీ లేనివీ అన్నీ పోసేయాలని చేయి దురద పుడుతుంది. ప్రాజెక్టుల కింద పెడితే, పైన కనిపించని పేరు కింద ఎందుకుందని మనకే అనిపిస్తుంది. అన్న లిస్టులో 17 పేర్లు ఉన్నాయి. ప్రాజెక్టుల్లో గానీ మండీ పనిలో గానీ వాడినవి ఉంచి మిగతావి తీస్తే 6 మిగిలినాయి. పైథాన్‌కు నాలుగు చుక్కలు, జావాకు మూడు చుక్కలు అని రంగు పూసే పద్ధతి కూడా తీసేసినాం. ఐదింటికి నాలుగు అంటే ఎవరి కొలతలో?

ఇక లైన్లు రాయడం. మన తెలుగు క్లబ్‌కు ఇక్కడ పని ఉంది. అన్న పాత రెజ్యూమేలో ఇంగ్లీషులో ఉన్న వాక్యానికి అర్థం ఇది: రైతులకు మార్కెట్ సమాచారం సకాలంలో అందించడం ఈ ప్రాజెక్టు ముఖ్య ఉద్దేశం. అందులో మనిషే లేడు. నేను లాప్‌టాప్ మూసేసి, "మీ అమ్మకు చెప్పినట్టు చెప్పన్నా, ఏం చేసినావు?" అన్నాను. "యార్డులో పత్తి, చెనక్కాయ రేట్లు సాయంత్రం ఆరింటికి 43 మందికి టెలిగ్రామ్‌లో పోయేట్టు పైథాన్‌లో ప్రోగ్రాం రాసినా. నాలుగు నెలలు నడిచింది. ఒకరోజు రేటు పదింతలు తప్పు కొట్టి పంపించినా, అప్పటి నుంచి నిన్నటి రేటుకు మరీ తేడా ఉంటే ఆపేసి అడిగేట్టు మార్చినా" అన్నాడు.

రెజ్యూమే అంటే ఇదే. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే, అయినా ఇంగ్లీషులో మొదలుపెడితే నాకు కూడా ఉద్దేశాలూ లక్ష్యాలే వస్తాయి. తెలుగులో అడిగితే చేసిన పని వస్తుంది. తర్వాత చేయాల్సింది ఒక్క మార్పే. తెలుగులో క్రియ చివర వస్తుంది: రాసినా, పంపించినా, మార్చినా. రెజ్యూమే ఇంగ్లీషులో క్రియ మొదట రావాలి. కాబట్టి చివరి మాటను తెచ్చి ముందు పెట్టి అక్కడి నుంచి వాక్యం కట్టుకుంటూ పోవడమే. అట్లా మూడు పాయింట్లు వచ్చినాయి: ఏం తయారుచేసినాడు, ఎంతమంది ఎంతకాలం వాడినారు, ఏది చెడిపోతే ఎట్లా సరిచేసినాడు. మూడోది అందరూ దాచిపెడతారు. నా లెక్కలో అదే అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే కొన్న ప్రాజెక్టులో అది దొరకదు. అంకెలు మాత్రం మన దగ్గర ఉన్నవే రాయాలి. 43 మంది అంటే 43 మందే. వందలాది రైతులు అని రాస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతాం.

ఇక ఖాళీ జాగా లెక్క. ఇది కంటి అందం అనుకుంటాం గానీ నిజానికి కూడికలు తీసివేతలే. ఏ4 కాగితం ఎత్తు 297 మిల్లీమీటర్లు. పైన 18, కింద 18 మార్జిన్ వదిలితే 261 మిగులుతుంది. అక్షరాలు కొలిచే పాయింట్లలో చెప్తే సుమారు 740. అక్షరం సైజు 10.5, లైనుకు లైనుకు దూరం 13 పాయింట్లు పెట్టుకుంటే పేజీ మొత్తానికి 56 లైన్లు. మన ఆస్తి అంతే.

అందులో పేరు పెద్దక్షరాల్లో, కింద ఫోన్ లైను, రెండూ కలిపి 39 పాయింట్లు. ఐదు సెక్షన్ల హెడ్డింగులు: ఒక్కోటి 15, దాని పైన 10 ఖాళీ, కింద 4 ఖాళీ, మొత్తం 29. ఐదింటికి 145. ప్రాజెక్టుకు ప్రాజెక్టుకు మధ్య 4 చొప్పున ఇంకో 24 అనుకుందాం. ఇవన్నీ పోతే 532 మిగులుతాయి, అంటే 40 లైన్లు. అన్నకు చదువు 3, ప్రాజెక్టులు మూడింటికీ కలిపి 18, పని 4, స్కిల్స్ 3, మిగతావి 3. మొత్తం 31. ఇంకా 9 లైన్లు ఖాళీ! రెండు పేజీలకు కూడా సరిపోదనుకున్న జీవితం ఒక పేజీలో పట్టి ఇంకా మిగిలింది. ఆ 9 లైన్లను నింపొద్దు. మార్జిన్ పెంచి సాగదీయొద్దు. అడుగున ఖాళీ ఉంటే ఎవరికీ నష్టం లేదు.

ఆ 10, 4 అనే అంకెల్లో ఉన్న రూల్ ఒక్కటే: హెడ్డింగు తన కింద ఉన్నదానికి దగ్గరగా, పైన ఉన్నదానికి దూరంగా ఉండాలి. ఒక ప్రాజెక్టు లోపలి లైన్ల మధ్య దూరం తక్కువ, ప్రాజెక్టుకు ప్రాజెక్టుకు మధ్య కొంచెం ఎక్కువ, సెక్షన్‌కు సెక్షన్‌కు మధ్య ఇంకా ఎక్కువ. ఇట్లా ఉంటే గీతలు, రంగు పెట్టెలు లేకపోయినా ఏది దేనికి చెందిందో కంటికి తెలిసిపోతుంది. షాపు రెజ్యూమేలో హెడ్డింగుకు పైనా కిందా ఒకే ఖాళీ ఉంది. అందుకే ప్రాజెక్టులు అనే మాట పైన టేబుల్‌కు చెందిందో కింద లైన్లకు చెందిందో తెలియకుండా మధ్యలో వేలాడుతోంది.

అట్లా ఎందుకైందంటే, అక్కడ ఖాళీ అంతా ఎంటర్ కొట్టి తెచ్చింది. ఎంటర్ కొడితే ఒక పూర్తి లైను పోతుంది, అందులో 10 అనీ 4 అనీ తేడా చూపించలేం. వర్డ్‌లో `Paragraph` తెరిస్తే `Spacing` కింద `Before`, `After` అని రెండు గడులు ఉంటాయి. హెడ్డింగుకు `Before` 10, `After` 4 ఒకసారి పెట్టి, దాన్నే స్టైల్‌గా దాచుకుంటే అన్ని హెడ్డింగులకూ ఒకటే వస్తుంది. సంవత్సరాలు కుడి పక్కకు జరపడానికి కూడా మనం స్పేస్‌బార్ కొడుతూ పోతాం. మన స్క్రీన్ మీద సరిగ్గా ఉంటుంది, ఫాంట్ లేని ఇంకో కంప్యూటర్లో తెరిస్తే 2022 ఒకచోట, 2020 ఇంకోచోట. దానికి కుడి ట్యాబ్ పెట్టాలి. రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల మార్జిన్ ఉంటే రాసే వెడల్పు 174, అంటే 17.4 సెంటీమీటర్ల దగ్గర ఒక రైట్ ట్యాబ్. ఒక్కసారి ట్యాబ్ కొడితే సంవత్సరం పోయి అంచుకు అతుక్కుంటుంది.

అన్న వాళ్ల నాన్న అప్పటిదాకా మగ్గం దగ్గరే ఉండి మాటలు వింటున్నాడు. స్క్రీన్ వైపు చూసి, "అంచు సమంగా వచ్చిందిలే" అన్నాడు. అంతకంటే మంచి సర్టిఫికెట్ మాకు అవసరం అనిపించలేదు.

పీడీఎఫ్ చేసినాక రెండు పరీక్షలు పెట్టినాం. మొదటిది, ఫైల్ తెరిచి `Ctrl+A`, `Ctrl+C` కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయడం. చాలా కంపెనీల్లో రెజ్యూమేను ముందు ఒక సాఫ్ట్‌వేర్ చదివి అక్షరాలు మాత్రం తీసుకుంటుంది. దానికి ఏం కనిపిస్తుందో మనకు నోట్‌ప్యాడ్‌లో దాదాపు అదే కనిపిస్తుంది. పాత రెజ్యూమేను పేస్ట్ చేస్తే టేబుల్‌లోని కాలేజీ పేర్లు ఒకచోట, మార్కులు ఇంకోచోట చెల్లాచెదురుగా పడినాయి. ఫోన్ బొమ్మ స్థానంలో ఏదో పిచ్చి గుర్తు వచ్చింది. రంగు చుక్కల జాడే లేదు. కొత్తది పేస్ట్ చేస్తే పైనుంచి కిందికి వరసగా కథలాగా వచ్చింది. అందుకే రెండు కాలమ్‌ల డిజైన్లు, ఎంత అందంగా ఉన్నా, ఈ పరీక్ష పాసైతేనే వాడండి.

రెండోది, ప్రింట్ తీసి చేయి చాచినంత దూరంలో పట్టుకోవడం. అక్షరాలు చదవకపోయినా ఆ దూరంలో ఐదు గుంపులు ఐదుగా కనబడాలి. బొద్దు అక్షరాలు ఎక్కడ ఉన్నాయో కన్ను అక్కడికే పోతుంది. మేం మొదట చూసినప్పుడు కాలేజీ పేరు, ప్రాజెక్టు పేరు, పైథాన్, 43, అన్నీ బొద్దుగా ఉండి పేజీ మచ్చలుమచ్చలుగా కనిపించింది. పేరు, హెడ్డింగులు, ప్రాజెక్టుల పేర్లు మాత్రం బొద్దుగా ఉంచి మిగతావి మామూలు చేసినాం.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు ఉన్నారు. కాలేజీలో ఫార్మాట్ ఇచ్చినారు, అందరూ అదే పెట్టాలన్నారు, మరెట్లా అంటారు. అప్పుడు అదే పెట్టండి, అక్కడ కొట్లాడి లాభం లేదు. కానీ ఆ ఫార్మాట్‌లో కూడా ప్రాజెక్టుల వరస మన చేతిలోనే ఉంటుంది, మొదటి ప్రాజెక్టుగా ఏది రాయాలో మనమే నిర్ణయిస్తాం. బయట అప్లై చేసేదానికి మన పేజీ మనం వేరే ఉంచుకోవచ్చు. ఇంకొందరు, రెండు పేజీలుంటే బరువుగా ఉంటుందంటారు. పదేళ్లు పనిచేసినోళ్లకు రెండు పేజీలు న్యాయమే. మన నాలుగేళ్లకు రెండో పేజీ అంటే, మంచి సరుకును గోదాము వెనక పెట్టి షట్టర్ దించుకోవడమే.

ఆ ఒక్క పేజీతో అన్న ఇంకో ఇంటర్వ్యూకు పోయొచ్చినాడు. రిజల్ట్ ఇంకా రాలేదు, రాకపోవచ్చు కూడా. కాగితం మార్చినంత మాత్రాన డేటా స్ట్రక్చర్స్ రావు, ఆ సంగతి అన్నకూ తెలుసు. కానీ ఆ రోజు రాత్రి ఫోన్ చేసి మొదట చెప్పింది రిజల్ట్ గురించి కాదు. "తమ్ముడూ, కూర్చోంగానే ఏమడిగినారో తెలుసా? ఆ పదింతలు తప్పు రేటు పోయిన రోజు ఏం జరిగింది అని. ఇరవై నిమిషాలు దాని మీదే మాట్లాడినా" అన్నాడు.